అక్కడ ఉన్నాడు సరే, ఏం చేశాడు?

కొట్లాట కేసుల్లో ఫిర్యాదు కాగితం చివర ఒక మాట తరచుగా కనిపిస్తుంది. అది ‘మరికొందరు’. ఏడుగురి పేర్లు తండ్రుల పేర్లతో సహా వరుసగా రాసి, ‘వీరు మరియు మరికొందరు కలిసి చేతులతో, కాళ్లతో, కర్రలతో కొట్టారు’ అని ముగిస్తారు. ఎవరు చేత్తో కొట్టారో, ఎవరు కర్రతో కొట్టారో, ఎవరు ఊరికే చూస్తూ నిలబడ్డారో ఆ వాక్యం చెప్పదు. ఉద్యోగకాలమంతా కాగితాల మధ్యనే గడిపినవాళ్లం గనుక కల్లూరులోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ కేసుల్లో ఇరుక్కున్న కుటుంబాలు తమ కాగితాలు పట్టుకుని మా దగ్గరికి వస్తుంటాయి. వాటిలో ఈ వాక్యాన్ని మేము ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. ఫిర్యాదు ఇచ్చేవారు మారినా, ఊరు మారినా, మతం మారినా ఆ వాక్యం మాత్రం మారదు.

ఆ కాగితాన్ని చూసి మన పెద్దలు చెప్పే మాట కూడా మారదు. ‘నీ కొడుకు చెయ్యి ఎత్తలేదు కదా బీబీ, వాడికేమీ కాదు’ అని తల్లికి ధైర్యం చెప్పి పంపుతారు. పోలీసు రాత ఎంత తప్పో ఈ ఓదార్పూ అంతే తప్పు. గుంపులో కనిపించిన ప్రతివాడూ నేరస్థుడేనని చట్టం అనదు. చెయ్యి ఎత్తనివాడు నిర్దోషేనని కూడా అనదు. ఈ రెండింటి మధ్య చట్టం నిజంగా ఏమంటుందో తెలియకపోవడం వల్ల మన పిల్లలు నెలల తరబడి జైళ్లలో ఉంటున్నారు. ఆ తెలియనితనాన్ని పోలీసులూ ఫిర్యాదీలూ వాడుకుంటున్నారని, మనం కూడా సమయం వచ్చినప్పుడు వాడుకుంటున్నామని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాము.

ఒకరు చేసిన నేరాన్ని ఇంకొకరి మెడకు తగిలించే తాళ్లు చట్టంలో ప్రధానంగా రెండు ఉన్నాయి. ఒకటి ఉమ్మడి ఉద్దేశం. పాత శిక్షాస్మృతిలో అది 34వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 3వ సెక్షన్‌లోని 5వ ఉపవిభాగం. రెండవది చట్టవ్యతిరేక సమూహంలో సభ్యత్వం. పాత చట్టంలో 149, కొత్త చట్టంలో 190. ఆ తేదీకి ముందు జరిగిన ఘటనల కేసులు ఇప్పటికీ పాత సెక్షన్ల కిందనే నడుస్తున్నాయి గనుక రెండు అంకెలూ గుర్తుంచుకోవడం మంచిది.

ఉమ్మడి ఉద్దేశానికి మనుషుల సంఖ్యతో పనిలేదు, ఇద్దరున్నా చాలు. కాని ఇద్దరి మనసులూ ముందే కలిసి ఉండాలి. ఆ కలయిక నెల ముందు జరిగి ఉండనక్కరలేదు, అక్కడికక్కడే జరిగినా చెల్లుతుంది. అయితే ఇద్దరికీ ఒకేలాంటి కోపం ఉండటం వేరు, ఇద్దరూ కలిసి ఒకే పని తలపెట్టడం వేరు. ఈ తేడాను 1945లో ప్రీవీ కౌన్సిల్ మహబూబ్ షా కేసులో తేల్చింది. అవిభక్త పంజాబులో సింధు నది ఒడ్డున రెల్లుగడ్డి కోసుకుని కొందరు పడవలో తిరిగి వస్తున్నారు. మా పొలంలో కోసిన గడ్డి దింపండి అని ఖాసిం షా అనే అతడు ఆపాడు. పెనుగులాట జరిగింది. అతని కేకలు విని మహబూబ్ షా, వలీ షా తుపాకులతో పరుగెత్తుకొచ్చారు. వలీ షా కాల్చిన గుండుకు అల్లాదాద్ అక్కడే చనిపోయాడు. మహబూబ్ షా ఇంకొకరిని కాల్చి గాయపరిచాడు. వలీ షా పారిపోగా, అతడు చేసిన హత్యకు మహబూబ్ షాకు మరణశిక్ష పడింది, లాహోరు హైకోర్టు కూడా దానిని ఖాయం చేసింది. ప్రీవీ కౌన్సిల్ హత్యానేరాన్ని కొట్టివేసింది. తమవాణ్ణి విడిపించడానికి ఇద్దరూ వచ్చారన్నది నిజమే, కాని అల్లాదాద్‌ను చంపాలని ఇద్దరూ కలిసి అనుకున్నట్లు సాక్ష్యం ఎక్కడుందని అడిగింది. ఎనభై ఏళ్లు దాటినా మన న్యాయస్థానాల్లో ఆ ప్రశ్న నేటికీ వినిపిస్తూనే ఉంటుంది.

దీనికి రెండో ముఖం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి చెబితే అన్యాయమవుతుంది. 1923 ఆగస్టులో కలకత్తాలోని శంకరీటోలా పోస్టాఫీసులో దోపిడీకి వచ్చినవారు పోస్టుమాస్టరును కాల్చి చంపారు. పట్టుబడిన బరేంద్ర కుమార్ ఘోష్, నేను లోపలికి వెళ్లలేదు, బయట భయపడుతూ నిలబడ్డాను అన్నాడు. ప్రీవీ కౌన్సిల్ ఆ వాదనను అంగీకరించలేదు. పథకంలో భాగంగా బయట నిలబడటం కూడా పనిలో పాలుపంచుకోవడమేనని తీర్పు చెప్పింది. కనుక ‘నిలబడ్డాను’ అనే మాట ఎవరినీ రక్షించదు. ఎందుకు నిలబడ్డావన్నదే ప్రశ్న.

రెండవ తాడు మరింత వెడల్పైనది, గ్రామాల కొట్లాటల్లో ఎక్కువమంది మెడకు పడేది అదే. కనీసం ఐదుగురు ఉండాలి. వారందరికీ చట్టం చెప్పిన అక్రమ లక్ష్యాల్లో ఒకటి ఉమ్మడిగా ఉండాలి. నేరం చేయడం, బలప్రయోగంతో ఆస్తి లాక్కోవడం, ప్రభుత్వోద్యోగిని అడ్డుకోవడం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. అవి కుదిరితే, ఆ లక్ష్యం నెరవేర్చే క్రమంలో ఒక్కరు చేసిన నేరానికి ఐదుగురూ బాధ్యులే. ఇంకా ముందుకు వెళ్లి, లక్ష్యం అది కాకపోయినా, ఇటువంటిది జరిగే అవకాశం ఉందని తెలిసి కూడా ఆ గుంపులో ఉన్నవాడు దానికీ బాధ్యుడే అంటుంది చట్టం. ఇక్కడ చెయ్యి ఎత్తడం అవసరం లేదు, సభ్యుడై ఉంటే చాలు. అందుకే ‘వాడు కొట్టలేదు’ అన్న ఒక్క వాదనతో ఈ సెక్షన్ నుంచి బయటపడటం కష్టం. ‘వాడు ఆ గుంపు మనిషి కాడు’ అని చూపగలిగినప్పుడే బయటపడతారు.

ఎవరు సభ్యుడో చట్టమే చెబుతుంది. ఆ గుంపును అక్రమం చేసే సంగతులు తెలిసి, కావాలని అందులో చేరినవాడు గానీ, తెలిసిన తర్వాత కూడా కొనసాగినవాడు గానీ సభ్యుడు. తెలియడం, కావాలని చేరడం, కొనసాగడం అనే మూడు మాటల్లోనే దారినపోయేవాడి ప్రాణం ఉంది. ఎఫ్ఐఆర్‌లో మాత్రం ఈ మూడింటిలో ఏదీ కనిపించదు.

దీన్ని ఒక ఊహాకల్పిత సంఘటన మీద పెట్టి చూద్దాం. బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు ఇద్దరు కుర్రాళ్ల బైకులు తగిలాయి, మాటామాటా పెరిగింది. మన కుర్రాడు ఇంటికి ఫోను చేశాడు. అన్న, ఇద్దరు చిన్నాన్న కొడుకులు బైకు మీద వచ్చారు. అన్న చేతిలో పార కర్ర ఉంది. అప్పటికే ఆ కొట్టులో మేనల్లుడు టీ తాగుతున్నాడు. ఎదురింటి చాచా గొడవ విని విడిపించడానికి దిగాడు. ఇంకొక కుర్రాడు పక్కన నిలబడి ఫోనులో వీడియో తీశాడు. అన్న కొట్టిన దెబ్బ అవతలి కుర్రాడి తలకు తగిలింది. మూడో రోజున అతడు ఆసుపత్రిలో చనిపోయాడు.

ఫిర్యాదులో ఏడుగురి పేర్లూ ఉంటాయి, మరికొందరూ ఉంటారు. మొదటి రోజు హత్యాయత్నం సెక్షన్ పెడతారు. మరణించిన రోజు పోలీసులు కోర్టులో సెక్షన్ల మార్పు మెమో వేసి దాన్ని హత్యగా మారుస్తారు. పక్కన 190 ఉంటుంది గనుక ఆ ఒక్క మెమోతో ఏడుగురూ హత్య కేసు ముద్దాయిలవుతారు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరమైతే అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పిలిపించే వీలుంది. హత్య, హత్యాయత్నం కేసుల్లో ఆ వీలు పోతుంది. బెయిలు కోసం సెషన్సు కోర్టుకు వెళ్లవలసి వస్తుంది. టీ తాగిన కుర్రాడి తల్లికి ‘ఏమీ కాదు’ అని చెప్పిన పెద్దమనిషి ఆ రోజున ఇంట్లో ఉండడు.

ఇప్పుడు ఒక్కొక్కరినీ విడదీసి చూడాలి. ఫోను చేసిన కుర్రాడి సంగతి అతడు ఏమన్నాడన్న దానిమీద ఆధారపడుతుంది. ‘అన్నా, వచ్చి నన్ను తీసుకెళ్లు’ అన్నాడా, ‘రా, వీణ్ణి వదలొద్దు’ అన్నాడా? కాల్ రికార్డులో ఫోను వెళ్లిన సమయమే ఉంటుంది, మాట ఉండదు. ఆ మాటను చుట్టూ ఉన్నవారి సాక్ష్యమే తేల్చాలి. చిన్నాన్న కొడుకులు పార కర్రను చూస్తూనే బైకు ఎక్కారు గనుక కొట్టడానికే వెళుతున్నామని తెలియదనడం కష్టం. వారిలో ఒకడు అవతలి కుర్రాడి చేతులు పట్టుకుని ఉంటే, అతడు ఒక్క దెబ్బా వేయకపోయినా ఉమ్మడి ఉద్దేశం అతనికి అంటుకుంటుంది. అంతమాత్రాన అందరిదీ హత్యే అనుకోనక్కరలేదు. కలిసి తలపెట్టింది చంపడమా, తన్నడమా అన్నది కోర్టు విడిగా తేల్చవలసిన విషయం. తన్నడమే అయితే అన్న ఒక నేరానికి, తమ్ముళ్లు అంతకంటే తక్కువ నేరానికి బాధ్యులు కావచ్చు.

మేనల్లుడు ఆ కొట్టులో ఉండటానికి తన కారణం తనకు ఉంది. గొడవ మొదలుకాకముందే ఉన్నాడు, ఎవరూ పిలవలేదు, చేతిలో టీ గ్లాసు తప్ప మరేమీ లేదు. అతడు చూపరి. వీడియో తీసినవాడూ చూపరే. అయితే వీడియోలో అతని గొంతు ‘కొట్టు, కొట్టు’ అని వినిపిస్తే కథ మారిపోతుంది. ఇక చాచా. అందరికంటే ప్రమాదంలో ఉన్నది ఆయనే. విడిపించడానికి ఆయన అవతలి కుర్రాడి భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. పది గజాల దూరం నుంచి చూసిన సాక్షికి అది పట్టుకుని కొట్టించినట్లే కనిపిస్తుంది. ఆయన్ను కాపాడగలిగేది ఆ వీడియో, టీ కొట్టు యజమాని సాక్ష్యం, మన కుర్రాళ్లను ఆయన తిట్టిన తిట్లు.

ఇప్పుడు లెక్క వేద్దాం. మేనల్లుణ్ణి, చాచాను, వీడియో కుర్రాణ్ణి తీసేస్తే మిగిలేది నలుగురు. నలుగురైతే చట్టవ్యతిరేక సమూహమే లేదు, 190 నిలవదు. మిగిలినవారి మీద ఉమ్మడి ఉద్దేశం మాత్రమే చూడవలసి ఉంటుంది, దాన్ని ఒక్కొక్కరి మీదా విడిగా రుజువు చేయాలి. ‘మరికొందరు’ అనే మాట పని ఇక్కడే తెలుస్తుంది. 1962లో మోహన్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పినదాని ప్రకారం, ఐదుగురినే పేర్కొని, వారే ఆ గుంపు అని ఆరోపించి, వారిలో ఇద్దరిని వదిలేస్తే, మిగిలిన ముగ్గురి మీద ఆ సెక్షన్ నడవదు. కాని గుర్తుతెలియని మరికొందరు కూడా ఉన్నారని మొదటి నుంచీ ఆరోపించి ఆ సంగతి రుజువు చేస్తే, పట్టుబడినవారు ఐదుగురికంటే తక్కువైనా సెక్షన్ నిలుస్తుంది. కనుక ‘మరికొందరు’ అన్నది రాయసకాడి అలవాటు కాదు, కూలిపోబోయే సెక్షన్‌కు ముందుగానే పెట్టుకున్న గుంజ. ఆ గుంజ ఉత్తదా గట్టిదా అని అడిగే హక్కు ముద్దాయికి ఉంది. వారు ఎందరు, ఎటునుంచి వచ్చారు, ఏ సాక్షి చూశాడు, వారికోసం ఎక్కడ వెతికారు అని దర్యాప్తు అధికారిని క్రాస్ పరీక్షలో అడగాలి. అడగని న్యాయవాదులను మేము చూశాము.

చూపరికి రక్షణ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1955లో బలాదిన్ కేసులోనే సుప్రీం కోర్టు, అక్కడ ఉన్నంత మాత్రాన సభ్యుడు కాడని చెప్పింది. గ్రామంలో కేకలు వినిపిస్తే ఆడామగా వచ్చి చూడటం సహజమేనని గుర్తించింది. దాన్ని పట్టుకుని, ప్రతి ముద్దాయీ ఏదో ఒక పని చేసినట్లు రుజువు చేస్తేనే శిక్ష వేయాలని న్యాయవాదులు వాదించసాగారు. 1964లో మసల్తీ కేసులో నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనకు కళ్లెం వేసింది. ఆయుధాలతో కలిసి వచ్చిన గుంపులో ఎవరి దెబ్బ ఏది అని చూపనక్కరలేదంది. అయితే అదే తీర్పు ఒక జాగ్రత్తను కూడా ఆమోదించింది. గుంపు పెద్దదైనప్పుడు, ఒక్క సాక్షి చెప్పాడని ఎవరినీ శిక్షించకుండా, ఇద్దరు ముగ్గురు లేక అంతకంటే ఎక్కువమంది సాక్షులు నిలకడగా పేరు చెప్పినవారినే శిక్షించడం మంచిదంది. ఆ కేసులో హైకోర్టు నలుగురు సాక్షుల కొలత పెట్టుకుంటే సుప్రీం కోర్టు దానిని సమర్థించింది. ప్రాసిక్యూషన్ వారు మసల్తీలోని మొదటి సగం చదివి వినిపిస్తారు. మనవారు బలాదిన్ మాత్రమే చదువుతారు. 1976లో మహారాష్ట్ర నుంచి వెళ్లిన మూసా ఖాన్ కేసులో కోర్టు ఇంకా తేటగా చెప్పింది. అల్లరి మూక దగ్గర ఏదో ఒక సమయంలో కనిపించినవాడు, మధ్యలో చేరినవాడు, మధ్యలో వెళ్లిపోయినవాడు, ఆ మూక మొదటినుంచి చివరిదాకా చేసిన ప్రతిదానికీ బాధ్యుడని అనుకోవడానికి వీల్లేదంది.

ఇంతవరకూ మనవారికి వినసొంపుగానే ఉంటుంది. ఇకపై చెప్పేది అంత సుఖంగా ఉండదు.

2002 ఫిబ్రవరి 28న, గోధ్రా రైలు ఘటన మరునాడు, గుజరాత్‌లోని వడోద్ గ్రామంలో ఒక మూక శ్మశానవాటికనూ మసీదునూ చుట్టుముట్టింది. చెదిరిపొమ్మన్న పోలీసుల మీద రాళ్లు రువ్వింది, వాహనాలు దెబ్బతిన్నాయి. అక్కడికక్కడే కొందరిని పట్టుకున్నారు. విచారణ కోర్టు 19 మందినీ వదిలేసింది. 2016లో గుజరాత్ హైకోర్టు వారిలో ఆరుగురికి ఏడాది శిక్ష వేసింది. 2025 మార్చి 21న సుప్రీం కోర్టు ఆ ఆరుగురినీ నిర్దోషులని విడుదల చేసింది. వారు ఆ ఊరివారే గనుక అక్కడ ఉండటంలో వింత లేదని, వారి దగ్గర ఆయుధం గానీ విధ్వంస సామగ్రి గానీ దొరకలేదని, పోలీసు కాల్పులకు జనం చెల్లాచెదురైనప్పుడు అమాయకుడు కూడా దొరికిపోవచ్చని చెప్పింది. గుంపు కేసుల్లో చూపరిని నేరస్థుడుగా జమకట్టకుండా కోర్టులు జాగ్రత్త వహించాలని హెచ్చరించింది.

ఈ తీర్పు వార్త చదివినప్పుడు మనలో చాలామంది ‘మసీదును చుట్టుముట్టినవారిని కూడా వదిలేశారు’ అని నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు వెనుక ఉన్న గాయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. కాని ఆ తీర్పు చెప్పిన మాట, ‘అక్కడ ఉన్నాడు సరే, ఏం చేశాడు’ అన్న ప్రశ్నే. రేపు ఊరేగింపు దారిలో రాయి పడినప్పుడు, మసీదు గేటు దగ్గర నమాజు ముగించుకుని నిలబడిన మన పిల్లవాడి తరఫున న్యాయవాది కోర్టులో చదవబోయేది ఆ తీర్పునే. అవతలివాడి విషయంలో ‘గుంపులో ఉన్నాడుగా, శిక్ష వేయండి’ అని, మనవాడి విషయంలో ‘గుంపులో ఉంటే ఏమిటి’ అని రెండు నాలుకలతో మాట్లాడటం కుదరదు.

దీనికి ఒక ఎదురు ప్రశ్న ఉంది, అది బలమైనదే. ప్రతి ఒక్కరి పనీ విడివిడిగా చూపించమంటే సామూహిక హత్యల్లో ఎవరికీ శిక్ష పడదు కదా అంటారు. గుంపుగా చంపడంలోని ఎత్తుగడే అది, ఎవరి దెబ్బకు ఎవరు చనిపోయారో తెలియకుండా చేయడం. ఈ మాట అనేవారు చుండూరును చూపిస్తారు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను వెంటాడి చంపారు. ఆ గ్రామంలోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది, 123 మంది విడుదలయ్యారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్ష పడిన వారందరినీ వదిలేసింది. ఎవరు ఎక్కడ, ఏ సమయంలో, ఎవరి చేతిలో చనిపోయారో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదంది. బాధిత కుటుంబాలకు అది రెండో హత్య అనిపించింది, అనిపించడంలో తప్పు లేదు.

కాని చుండూరు నుంచి మేము నేర్చుకునే పాఠం వల ఇంకా పెద్దదిగా వేయమని కాదు. 149 సెక్షన్ అప్పుడు కూడా చట్టంలో ఉంది, చాలినంత వెడల్పుగానే ఉంది. లేనిది, మొదటి రోజుల్లో ఒక్కొక్క నిందితుడు ఎక్కడ, ఏ ఆయుధంతో, ఏ సాక్షికి ఎంత దూరంలో కనిపించాడో జాగ్రత్తగా నమోదు చేసిన దర్యాప్తు. వందలమందిని ఒకే వాక్యంలో ఇరికించినప్పుడు ముందుగా లాభపడేది అసలు హంతకుడే. చూపరి పేరు అబద్ధమని తేలగానే ఆ సాక్షి చెప్పిన నిజం మీద కూడా అనుమానం పడుతుంది. మన ఇళ్లమీద దాడి జరిగినప్పుడు కోపంలో అవతలి వీధిలోని మగవారందరి పేర్లూ రాయించేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఎనిమిదిమందిని చూసి ముప్పైమంది పేర్లు చెబితే, ఆ ఎనిమిదిమందిని కూడా మన చేత్తోనే విడిపించినట్లు అవుతుంది.

మూకహత్యల విషయంలోనూ ఇంతే. 2018 జూలైలో సుప్రీం కోర్టు తెహసీన్ పూనావాలా కేసులో ప్రత్యేక చట్టం పరిశీలించమని పార్లమెంటుకు సూచించింది. కొత్త సంహితలో 103వ సెక్షన్ రెండవ ఉపవిభాగం ఐదుగురు లేక అంతకంటే ఎక్కువమంది జాతి, కులం, సమాజం, భాష వంటి కారణాలతో కలిసి చేసే హత్యకు, ఆ గుంపులోని ప్రతివారికీ మరణం లేక యావజ్జీవ శిక్ష పెట్టింది. (ఆ కారణాల పట్టికలో ‘మతం’ అనే మాట లేదు, ‘వ్యక్తిగత విశ్వాసం’ ఉంది. ఆ మాటను ఎందుకు దాటవేశారో పార్లమెంటులో మన ప్రతినిధులు గట్టిగా అడగవలసింది.) మనం కోరుకున్న సెక్షనే ఇది. అయినా, ‘ప్రతివారికీ’ అన్న మాట రేపు ఎవరిమీద ఎలా వాడబడుతుందో కూడా మనమే కాపలా కాయాలి.

ఇక మన ఇళ్లలో జరిగే ఒక పెద్ద పొరపాటు గురించి. పిల్లవాడి పేరు ఫిర్యాదులోకి రాగానే ‘ఆ రోజు వాడు ఊళ్లోనే లేడు’ అనే కథ కట్టిస్తారు. విజయవాడలో పెళ్లికి వెళ్లాడంటారు, ఖమ్మంలో మామ ఇంట్లో ఉన్నాడంటారు. పిల్లవాడి ఫోను టవరు మాత్రం కల్లూరులోనే చూపిస్తుంది. ఎదుటి కొట్టు కెమెరాలో అతని చొక్కా కనిపిస్తుంది. వేరేచోట ఉన్నాననే వాదాన్ని రుజువు చేయవలసిన భారం చెప్పినవాడిదే. అది అబద్ధమని తేలిన రోజున, ‘ఉన్నాను గాని చూస్తూ ఉన్నాను’ అనే నిజాన్ని చెప్పుకునే దారి కూడా మూసుకుపోతుంది. టవరు రికార్డు చూపరికి శత్రువు కాదు. కల్లూరువాడు కల్లూరులో ఉన్నాడని మాత్రమే అది చెబుతుంది, ఆ సంగతి కోర్టుకూ తెలుసు. పనిలేని అబద్ధంతో పనికొచ్చే నిజాన్ని పోగొట్టుకోవడం ఎందుకు? రాత్రికి రాత్రి పిల్లలను ఊరు దాటించడం కూడా ఇటువంటిదే. పారిపోయినంతనే నేరం రుజువు కాదు, కాని బెయిలు పిటిషన్ విచారణలో ప్రాసిక్యూటరు మొదటి వాక్యం అదే అవుతుంది.

దానికి బదులు మొదటి వారంలో చేయవలసిన పనులు ఉన్నాయి. దుకాణాల కెమెరాల్లో పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోయేవి చాలా ఉంటాయి. అందువల్ల ఫలానా కొట్టు దృశ్యాలు భద్రపరచమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. వీడియో తీసిన ఫోనును అమ్మకూడదు, చెరపకూడదు. అందులోని ముక్కలు కత్తిరించి వాట్సాప్‌లో తిప్పకూడదు. అసలు ఫోనులోని అసలు ఫైలుకే విలువ. మనవారికి దెబ్బలు తగిలి ఉంటే ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి గాయాల పత్రం రాయించుకోవాలి. ఛార్జిషీటు వచ్చాక పోలీసుల ముందు సాక్షులు ఇచ్చిన వాంగ్మూలాలు తీసుకుని, మన పిల్లవాడి పేరు ఎవరు చెప్పారు, ఏం చేశాడని చెప్పారు అని వరుసగా కాగితం మీద రాసుకోవాలి. ఆరుగురు సాక్షులు ఒకే మాటను అచ్చుగుద్దినట్లు ‘చేతులతో కాళ్లతో కొట్టాడు’ అంటే ఆ వాక్యం సాక్షులది కాదు, రాసినవాడిదని అర్థం. ఏ సాక్షీ ఏ పనీ చెప్పకపోతే, అభియోగాలు మోపకముందే విడుదల పిటిషన్ వేయమని న్యాయవాదిని అడగాలి. విచారణ ముగిసేదాకా కూర్చోనక్కరలేదు.

పోలీసు అధికారులను మేము అడిగేది కూడా ఇంతే. ఎఫ్ఐఆర్ ఫిర్యాదీ మాటల్లోనే రాయవలసి ఉంటుందని మాకు తెలుసు. ఆ రాతకు దర్యాప్తు అధికారి కట్టుబడి ఉండనక్కరలేదన్నదీ తెలుసు. ఛార్జిషీటు రాసేటప్పుడు ప్రతి పేరు ఎదుటా మూడు సంగతులు రాయండి. ఈ మనిషి ఎలా వచ్చాడు, చేతిలో ఏముంది, దెబ్బ పడిన తర్వాత ఎక్కడున్నాడు. ఆ గడి ఖాళీగా మిగిలిన పేరును 190 కింద పంపకండి, ఆ పేరు మన వీధిదైనా, అవతలి వీధిదైనా.